టోపీ కాదు

బెంగళూరులో బసవనగుడి దాటాక బస్సు కాస్త ఖాళీ అయింది. జలజాక్షి ఆడవాళ్ల సీటు చివరికి జరిగి, పక్కన కూర్చున్న కాలేజీ పిల్లను మోచేత్తో పొడిచింది. ఆ పిల్ల పేరు ఇంచర. రోజూ ఇదే బస్సు.

"ఏమ్మా, 'వైబ్ చెక్'ని కన్నడలో మీరు ఏమంటారు?"

"వైబ్ అనే అంటాం ఆంటీ. చెక్ ఎవరూ చెయ్యరు. 'ఏం వైబ్ రా వాడిది' అంటాం, అంతే."

"మరి 'నో క్యాప్'?"

"అబద్ధం కాదు అని. గొప్పలు చెప్పుకునేటప్పుడు నో క్యాప్ అనే అంటాం, లేదంటే దేవుడి మీద ఒట్టని దేవరాణె అంటాం." ఇంచర ఫోను మూసి ఆలోచించింది. "కానీ ఆంటీ, ఏడుస్తూ మాత్రం ఎవరూ నో క్యాప్ అనరు. ఏడుస్తున్నప్పుడు కన్నడమే వస్తుంది."

జలజాక్షి ఆ మాటను అరచేతిలో పెన్నుతో రాసుకుంది. యాభై ఆరేళ్ల చెయ్యి, గోళ్ల అంచున నీలి సిరా. ఒకప్పుడు ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేది. అది మూతపడ్డాక రాజాజీనగర్‌లోని ఒక స్టూడియోలో చేరి, ఇరవై రెండేళ్లుగా పరాయి సినిమాల కింద సబ్‌టైటిళ్లుగా కన్నడ అక్షరాలు పేరుస్తోంది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదు" అనేది. అది నిజమే. పాత్ర పెదవి కదిలి ఆగేలోపు చదవడం అయిపోవాలి. ఒక్క అక్షరం ఎక్కువైనా కోసెయ్యాలి. ఆ కోతలోనే ఆమె వయసు గడిచింది.

స్టూడియోలో కంప్యూటరు తెరవగానే ఆమె ఒళ్లు మండింది.

ఆమె ఇప్పుడు అనువదిస్తున్న సీరియల్ అమెరికాలో, అట్లాంటాలోని ఒక బడి పిల్లల కథ. ఆరో భాగంలో నయోమీ అనే నల్లజాతి పిల్ల స్నానాల గది నేల మీద కూర్చుని స్నేహితురాలితో ఒక మాట అంటుంది. ఇక్కడ ఉండాలని లేదంటుంది. దానికి ముందు 'లోకీ' అంటుంది, తర్వాత 'నో క్యాప్' అంటుంది. మొదటిది మాటను తేలిక చేసి దాచుకోవడానికి, రెండోది దాచినదాన్ని మళ్లీ నిజమని ఒప్పుకోవడానికి. జలజాక్షి మూడు రోజులు తన్నుకులాడి, నిన్న సాయంత్రం 'ఒళగొళగే ఇల్లిరోకె ఇష్టవిల్ల కణే. సుళ్ళల్ల' అని కుదిర్చింది. లోలోపలే ఇక్కడ ఉండాలని లేదే, అబద్ధం కాదు అని. దేవరాణె అంటే ఒట్టు అవుతుంది. చావు గురించి చెప్పే పిల్ల ఒట్టు పెట్టదు.

ఇవాళ తెర మీద ఆ వాక్యం లేదు. 'మెల్లగా ఇక్కడ ఉండాలని లేదు. టోపీ లేదు' అన్న అర్థం వచ్చే కన్నడం ఉంది.

ఆమె చేతిలో కాఫీ గ్లాసుతోనే నేరుగా ప్రజ్వల్ బల్ల దగ్గరికి వెళ్లింది. ఇరవై ఎనిమిదేళ్ల మేనేజరు, మంచి బట్టలు.

"నా వాక్యం ఎవరు మార్చారు?"

"కంప్యూటర్లో పెట్టిన పదకోశం మార్చింది మేడమ్. లోకీ అంటే మెల్లగా, నో క్యాప్ అంటే టోపీ ఇల్ల. ఒక మాటకి ఒకటే మాట. మనోళ్లకి టోపీ పెట్టడం అంటే తెలుసు కదా, భలే కుదిరింది."

"టోపీ పెట్టడమంటే డబ్బు కాజెయ్యడం! ఆ పిల్ల చచ్చిపోవాలనుందని చెబుతోంది ప్రజ్వల్. చూసేవాళ్లు నవ్వుతారు."

"ఈ తరం భాష మీకు తెలీదు మేడమ్. కోపం తెచ్చుకోకండి."

"నాకు తెలీదా?" ఆమె అరచెయ్యి అతని ముఖం ముందు చాచింది. "ఇవాళ పొద్దున బస్సులో అడిగాను. నువ్వెప్పుడైనా అడిగావా ఎవర్నైనా? వేరే చోట నో క్యాప్ అని ఇంగ్లీషు మాటే ఉంచు, నేను కాదనను. బాస్కెట్‌బాల్ ఆడే చోట నేనే ఉంచాను. వైబ్ కూడా ఉంచాను. ఈ ఒక్క వాక్యం నాది వెయ్యి."

"పదకోశానికి తాళం వేసేశాం, ఇక మార్చలేం. పై నుంచి ఒప్పుకున్నారు. ఆగస్టు నుంచి యంత్రమే మొదటి ముసాయిదా రాస్తుంది, మీరు చూసి సరే అంటే చాలు."

"సరే అనడానికా నేను?"

అతను ఫోను చూసుకున్నాడు.  ఆమె చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. కాఫీ అతని కాగితాల మీదికి చిందింది. ఇరవై రెండేళ్లలో ఆమె మొదటిసారి ఆ గదిలో కేక పెట్టింది.

"ఏ పిల్లో ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఇది చూస్తుందిరా! తన మాటే అక్కడ చెబుతున్నారని తెలియాలిరా దానికి!"

ప్రజ్వల్ తడిసిన కాగితాలు దులుపుకున్నాడు.

జలజాక్షి తన కుర్చీకి తిరిగొచ్చి, ఆరో భాగం చివరికి వెళ్లింది. కన్నడ అనువాదం అన్న మాట కింద ఉన్న తన పేరును అక్షరం అక్షరంగా చెరిపేసింది. ఆ చోట ఖాళీ ఉంచి భద్రపరిచింది. సంచి భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగింది. ఆమె ఇక రాదని వాళ్లకు వారం తర్వాత గానీ అర్థం కాలేదు.

కుర్చీలో ఆమె పాత చీరతో కుట్టుకున్న దిండు ఉండిపోయింది. దాని నడుమ దూది అణిగిపోయి, ఒక మనిషి ఇప్పుడే లేచినట్టున్న గుంట.