రేపు వస్తాను టీచర్ గారూ

నేను ఒక క్షమాపణ ఉత్తరాన్ని. పుట్టుకతో మాత్రం మామూలు రూళ్ల కాగితాన్ని. మండపేటలో తొమ్మిదో తరగతి చదివే హిమజ అనే అమ్మాయి తన లాంగ్ నోట్సు నడిమధ్యన పిన్నులు పైకి లేపి నన్ను బయటికి తీసింది. మధ్య కాగితం తీస్తే నోట్సు చెదరదని బడిపిల్లలందరికీ తెలుసు. అలా తీసిన కాగితానికి రెండు పేజీలు అతుక్కునే వస్తాయి. కుడి పేజీని నేను. ఎడమ పేజీ మీద ఎవరూ ఏమీ రాయలేదు. మడత విప్పినప్పుడల్లా ఆ తెల్లటి పేజీ నా పక్కన ఉంటుంది, నాకు దాన్ని చూస్తే కాస్త భయం.

మా జాతికి గొప్ప హోదాలేమీ లేవు. శుభలేఖలకైతే నాలుగు మూలలా పసుపు పూస్తారు. కరెంటు బిల్లుకైనా గోడ మేకు మీద చోటుంటుంది. మేము తప్పు చేసినవాళ్ల చేతిలో పుట్టి, తిట్టేవాళ్ల చేతిలోకి వెళ్తాం. చాలాసార్లు తప్పు చిన్నదే ఉంటుంది, దాని చుట్టూ జరిగే గోల పెద్దది. నా విషయంలో గోల ఎంత పెద్దదైనా, దాని కింద ఉన్నది అంతకంటే పెద్దది.

హిమజ తల్లి మంగతాయారు ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. వర్షాకాలంలో జబ్బు చేసి కాకినాడ ఆసుపత్రిలో పోయింది. ఆమె ఫోను ఇంట్లో మిగిలింది. దానికి రీచార్జి చేయించడం తండ్రి సూరిబాబు మానలేదు. అడిగినవాళ్లకు "ఆధార్‌కి ఈ నంబరే ఇచ్చాం గదండీ, ఓటీపీలు దీనికే వత్తాయి" అని చెప్పేవాడు. ఓటీపీలు ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. తొమ్మిదో తరగతి క్లాసు గ్రూపులో ఉన్నది కూడా ఆ నంబరే. పిల్లల తల్లిదండ్రులందరి ఫోన్లలో అది 'హిమజ అమ్మ' అని ఉంది. పక్కన గుండ్రంగా మంగతాయారు ఫొటో, మెడలో కొలత టేపుతో నవ్వుతూ.

ఫోనులో టైపు చేస్తుంటే అక్షరాల పైన మూడు మాటలు కనిపిస్తాయి కదా. ఎవరు ఏ మాట తర్వాత ఏ మాట ఎక్కువగా రాస్తారో ఆ కీబోర్డు నేర్చుకుని పెట్టుకుంటుంది. తర్వాత మీరు ఏమీ రాయకపోయినా మధ్యలో ఉన్న మాటను నొక్కుతూ పోతే చాలు, మీ ధోరణిలోనే ఏదో ఒకటి అల్లుతుంది. అర్థం ఉండదు, మాటతీరు ఉంటుంది. ఈ సంగతి హిమజకు అనుకోకుండా తెలిసింది. అప్పటినుంచి బడి నుంచి రాగానే తల్లి ఫోను తీసుకుని, మెసేజ్ రాసే ఖాళీ డబ్బాలో మధ్య మాటను నొక్కుతూ కూర్చునేది. 'హుక్కులు కుట్టాలి తల్లీ పాలు చూడు' అని వచ్చేది. చదువుకుని చెరిపేసేది. తన మాటలు కలిసిపోతాయేమోనని ఆ ఫోనులో సొంతంగా ఒక్క ముక్క టైపు చేసేది కాదు. గ్రూపులో ఏదైనా అడగాలన్నా వాయిస్ మెసేజే పెట్టేది. నేనప్పుడు నోట్సులో, ఆమె ఒళ్లో ఉండేవాణ్ణి. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి నొక్కడం నాకు తెలుస్తూ ఉండేది.

ఒక సాయంత్రం హోంవర్కు చూసుకోవడానికి క్లాసు గ్రూపు తెరిచింది. చూసుకున్నాక, అలవాటు కొద్దీ, ఆ గ్రూపు డబ్బాలోనే నొక్కడం మొదలుపెట్టింది. వీధిలో తండ్రి ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. కంగారుగా ఫోను నోట్సు కింద దాచబోతే బొటనవేలు బాణం గుర్తు మీద పడింది. అంతే, మెసేజ్ వెళ్లిపోయింది.

'జాకెట్టు రెడీ అయింది తల్లీ పాలు పొయ్యి మీద కంగారు పడకండి రేపు వస్తాను టీచర్ గారూ రేపు వస్తాను టీచర్ గారూ రేపు వస్తాను.'

తీసెయ్యాలని మెసేజ్ మీద వేలు నొక్కిపట్టింది. రెండు దారులు కనిపించాయి. ఒకటి అందరి ఫోన్లలోంచీ చెరిపేది, ఒకటి తన ఫోనులోంచి మాత్రమే చెరిపేది. తొందరలో రెండోది నొక్కింది. తన తెర మీద మెసేజ్ మాయమైంది, అమ్మయ్య అనుకుంది. కాని మిగతా అందరి దగ్గరా అది చెక్కుచెదరకుండా ఉంది. తన దగ్గర లేనిదాన్ని తను ఇక పట్టుకోలేదు, చెరపలేదు. ఆ పని చేయగలిగింది గ్రూపు అడ్మిన్ ఒక్కరే. ఆవిడ క్లాసు టీచరు, పేరు సువర్చల.

చనిపోయిన మనిషి ఫొటో పక్కన 'రేపు వస్తాను' అని చూసిన తల్లిదండ్రుల అవస్థ ఏం చెప్పను! ఒకరు దండాలు పెట్టారు. ఒకరు నిమ్మకాయలూ మిరపకాయలూ ఉన్న బొమ్మ పంపారు. ఒక తండ్రి ఇది హ్యాకర్ల పని అని తేల్చి, అందరూ ఏటీఎం పిన్ను మార్చుకోవాలని హెచ్చరించాడు. ఒకావిడ మాత్రం, 'రెడీ అయింది ఏ జాకెట్టండీ? నా ఆకుపచ్చది అక్కడే ఉండిపోయింది' అని అడిగింది. మనుషుల మీద నాకు కోపం రాకపోవడానికి ఇలాంటివాళ్లే కారణం.

మర్నాడు హెడ్మాస్టరు గారు హిమజను పిలిచి సంగతంతా రాబట్టారు. ఆయన చెడ్డవాడు కాదు, తల్లిదండ్రుల ఫోన్లతో వేగలేకపోయాడు. టీచరుకు క్షమాపణ ఉత్తరం రాయాలి, తండ్రి సంతకం పెట్టించాలి, ఉత్తరం చివర 'ఫోను కీబోర్డులో నేర్చుకున్న మాటలన్నీ చెరిపేశాము' అని రాయాలి, రాసినట్టే చేయాలి అన్నారు. సెట్టింగుల్లో ఒక్క నొక్కుతో అయిపోయే పని అది. తిరిగి తెచ్చుకునే దారి మాత్రం ఉండదు.

అలా పుట్టాను నేను. కాగితం మీద కొట్టివేతలు ఉండకూడదని హిమజ ముందు ఫోనులో రాసుకుని తర్వాత నా మీదకి ఎత్తింది. 'క్షమించండి టీచర్ గారూ. నా వల్ల తప్పు జరిగింది. ఆ మెసేజ్ మా అమ్మ రాయలేదు, నేనూ రాయలేదు' అంటూ మొదలుపెట్టి, పైన చెప్పిందంతా దాపరికం లేకుండా రాసింది. ఫోనులో కుదరక కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి రాసింది. ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. నా అడుగున స్కేలుతో ఒక గీత గీసి వదిలేసింది. సూరిబాబు నన్ను దీపం దగ్గరికి తీసుకెళ్లి, పెదాలు కదుపుతూ చదివాడు.

"ఈ గీత మీద ఏం రాయాలమ్మా?"

"అమ్మ మాటలు చెరిపేసేమని రాయాలి నాన్నా."

ఆయన వంగిన నా అంచును వేలితో రుద్ది సరిచేశాడు. వేలి చెమట ఇప్పటికీ నా అంచున మరకగా ఉంది.

"సంతకం పెట్టేత్తాను. ఆ గీత మీద నువ్వేం రాసినా రాయకపోయినా నేనడగను," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో నన్ను సువర్చల టీచరు బల్ల మీద పెట్టింది హిమజ. ఆవిడ నన్ను మెల్లగా చదివింది. గీత దగ్గర కళ్లు ఆగాయి.

"ఇదేంటే, హెచ్చెం గారు రాయమన్న లైను రాయలేదేం?"

"రాస్తే చెయ్యాలి గదండీ."

"చెయ్యకపోతే మళ్లీ ఇలాగే అవుతుంది గదమ్మా. అందరూ హడిలిపోయేరు."

"చెరిపేస్తే అమ్మ ఇంకేం మాట్లాడదండి," అంది హిమజ. ఏడవలేదు. అది ఏడుపు కంటే కష్టంగా ఉంది.

మెసేజ్ వచ్చి ఇంత సమయమైనా అడ్మిన్ అయిన ఈవిడ దాన్ని ఎందుకు తీసేయలేదా అని నాకు అనుమానంగా ఉండేది. అప్పుడు తెలిసింది. ఆవిడ తన ఫోను తీసి, మంగతాయారుతో విడిగా జరిగిన పాత సంభాషణ తెరిచి, నా పక్కనే పెట్టింది. అంతా ఆ వర్షాకాలంలోదే. 'పేరెంట్స్ మీటింగుకి మీరు రాలేదు' అని టీచరు. 'రేపు వస్తాను టీచర్ గారూ' అని తల్లి. 'నిన్నా రాలేదు. తల్లికే శ్రద్ధ లేకపోతే పిల్ల ఏం చదువుతుంది?' అని టీచరు. 'రేపు వస్తాను టీచర్ గారూ' అని తల్లి. అదే ఆఖరు. ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నానని ఆమె చెప్పలేదు. పిల్ల చదువు గురించి అడిగేవాళ్లకు జబ్బు సంగతి చెప్పుకోవడం ఆమెకు నామోషీ. కీబోర్డు ఆ మాటను ఎవరికి రాసి రాసి నేర్చుకుందో నాకు అర్థమైంది. టీచరుకు ముందే అర్థమైంది.

"ఎలా వస్తుందో నాకోసారి చూపించు," అంది ఆవిడ, గొంతు తగ్గించి.

హిమజ సంచిలోంచి తల్లి ఫోను తీసి, ఖాళీ డబ్బా తెరిచి, మధ్య మాటను నొక్కడం మొదలుపెట్టింది. ఫోను నా మీదే ఉంది. నొక్కిన ప్రతి నొక్కూ నాకు తగిలింది.

'రేపు వస్తాను టీచర్ గారూ క్షమించండి నా వల్ల తప్పు జరిగింది రేపు వస్తాను టీచర్ గారూ క్షమించండి.'

హిమజ వేలు ఆగిపోయింది. "ఇలా ఎప్పుడూ రాలేదండి. క్షమించండి అన్నది అమ్మ మాట కాదండి. కంగారులో మరిచిపోయి ఉత్తరం ముందు ఇందులో టైపు చేసేనండి... నావి కలిసిపోయేయండి."

ఆమెవి కావు, నావి. నా మొదటి వాక్యం, నా రెండో వాక్యం. చచ్చిపోయిన మనిషి నోట్లోకి నేను దూరాను. కాగితానికి వణుకు ఉండదంటారు, ఫ్యాను గాలి అనుకుంటారు. ఆ పిల్ల అన్నాళ్లు కాపాడుకున్నదాన్ని, కాపాడమని వేడుకోవడానికి పుట్టిన నేనే పాడుచేశాను. పైగా అది అతికినట్టు కుదిరింది. రాలేకపోయిన తల్లి, పిలిచిన టీచరుకు క్షమాపణ చెబుతున్నట్టే ఉంది. ఇది కీబోర్డు లెక్క మాత్రమే అని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. తెలిసినా ఎవరమూ తెర మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాం.

సువర్చల టీచరు ఎర్ర పెన్ను తీసి నా అడుగున ఉన్న గీతను కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. "హెచ్చెం గారికి నేను చెప్పుకుంటాను. చెరపొద్దు. ఇంకెప్పుడూ ఇందులో ఏమీ టైపు చెయ్యకు, నీకు కావలిస్తే నా ఫోన్లో రాసుకో," అంది. గ్రూపులో ఆ మెసేజ్ మీద వేలు పెట్టి అందరి ఫోన్లలోంచీ తీసేసింది. దాని చోట 'అడ్మిన్ తొలగించారు' అన్న మాట మిగిలింది. తండ్రి నంబరు చేర్చి, తల్లి నంబరు గ్రూపులోంచి తీసింది.

తర్వాత ఆ పాత సంభాషణ తెరిచి, మంగతాయారు ఆఖరి మాట కింద ఏదో టైపు చేసింది. హిమజ చేతిలో తల్లి ఫోను గుర్రుమంది. పిల్ల తెరిచి చూసింది. ఇటు టీచరు తెర మీద రెండు టిక్కులూ నీలమయ్యాయి. వాటిని చూస్తూనే ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఇప్పుడు నేను ఆవిడ సొరుగులో సుద్దముక్కల పక్కన ఉన్నాను. ఆవిడ అప్పుడప్పుడు నన్ను తీసి మడత విప్పుతుంది. నన్ను చదవదు, పక్కనున్న ఖాళీ పేజీనే చూస్తుంది. నాలో ఉన్న క్షమాపణ హిమజదని పైన రాసి ఉంది గాని, ఆ మధ్యాహ్నం తర్వాత అది ఎవరిదో నేను చెప్పలేను. జవాబు మాత్రం నాకు తెలుసు. హిమజ దాన్ని పైకే చదివింది.

'మంగతాయారు గారూ, మీరు రానక్కర్లేదండి. అమ్మాయి బాగా చదువుకుంటోంది.'