కాదన్నా సరే, ఖాలా

డ్యూటీ దిగి లాకర్ తెరిచి ఫోన్ చూసుకోగానే రేఖ కేక పెట్టింది. పక్కన బూట్లు విప్పుకుంటున్న కవిత ఉలిక్కిపడింది.

"జెర్సీలు బయల్దేరినయే! శనివారం వస్తయట!"

విమానం దిగి ప్రయాణికులు వెళ్ళిపోయాక లోపలికి వెళ్ళి సీట్ల మధ్య ఊడ్చి, తుడిచి, చెత్త ఎత్తే ఆడవాళ్ళ బృందం వాళ్ళది. వాళ్ళలో కొంతమంది ఏడాదిగా ఖాళీ దొరికినప్పుడల్లా శంషాబాద్‌లో కబడ్డీ ఆడుతున్నారు. ఇన్నాళ్ళకి ఒక బయటి పోటీలోకి పిలుపొచ్చింది. శనివారం సాయంత్రం రావిర్యాల గ్రౌండ్‌లో కందుకూరు జట్టుతో మొదటి మ్యాచ్. రేఖే కెప్టెన్. అందరికీ ఒకే రంగు జెర్సీ, వీపు మీద నంబర్ ఉండాలని, లేకపోతే దించేది లేదని నిర్వాహకులు ముందే చెప్పారు. అందుకే ఎర్ర జెర్సీలు అచ్చు వేయించి తెప్పిస్తున్నారు.

"శనివారం పగలా? మనందరికీ పొద్దటి షిఫ్టే కదా. ఎవరు తీసుకుంటరు?" అంది కవిత.

రేఖ నవ్వు ఆగిపోయింది. ఎయిర్‌పోర్ట్ చిరునామాకి సొంత పార్సిళ్ళు రానివ్వరు. ఆమె అద్దెకుండే ఇంట్లో మూడు పోర్షన్లు. పక్క పోర్షన్ వాళ్ళు పొద్దున తాళం వేసి పోతే చీకటి పడ్డాకే వస్తారు. కింద పోర్షన్‌లో మాత్రం తను ఖాలా అని, పిన్నిలా పిలిచే అజ్మత్ బీ ఉంటుంది. ఆ మాటే కవితకి చెప్పింది.

"అయితే అయిపాయె. ఆమె పేరు, నంబర్ పెట్టెయ్. వాడొచ్చి తలుపు కొట్టినంక ఫోన్ చేసి చెప్పు. డబ్బా గుమ్మం మీదికొస్తే కాదంటదా?" అంది కవిత.

"అందుకే అడగాలె. గుమ్మం మీద కాదనలేకపోతది కాబట్టే ముందుగాల అడగాలె," అంది రేఖ.

అజ్మత్ బీ పార్సిళ్ళంటే మండిపడుతుందని గల్లీ అంతటికీ తెలుసు. ఆమె బుర్ఖాలు, జాకెట్లు కుట్టి బతుకుతుంది. తలుపు దగ్గరే మిషన్. కింద ఇల్లు, ఎప్పుడూ తెరిచిన తలుపు, లోపల మనిషి. డెలివరీ వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? పక్కింటి వాళ్ళవీ ఎదురింటి వాళ్ళవీ ఆమె చేతిలోనే పెట్టిపోయేవాళ్ళు. ఒకసారి ఎవరిదో డబ్బా మూడు రోజులు ఆమె మంచం కిందే పడి ఉంది. తీసుకుపొమ్మని ఫోన్ చేస్తే ఆ మనిషి, "ఇంట్లనే ఉంటవ్ కదా, ఏం పరేషానీ నీకు?" అన్నాడట. ఆ మాట అన్న రోజు ఆమె గేటు దగ్గర నిలబడి అరిచిన అరుపు రేఖ పై నుంచి విన్నది. "ఇది ఇల్లా, పోస్టాఫీసా? ఇంట్లుంటే ఖాళీగున్నట్టేనా?"

ఆ సాయంత్రం రేఖ మెట్ల మీద కూర్చుని మిషన్ చప్పుడు ఆగేదాకా చూసింది. కుట్టు మధ్యలో పిలిస్తే సగం తప్పు అక్కడే అయిపోతుంది. చప్పుడు ఆగింది. దారం కొరికి అజ్మత్ బీ తల ఎత్తాక, గుమ్మం బయటే నిలబడి, "ఖాలా, ఒక మాట అడగొచ్చా? పని మీదుంటే తర్వాత వస్త," అంది.

"అడుగు."

విమానంలో ఎంత మురికి సీటు చూసినా రేఖకి ఇంత భయం వేయలేదు. ముందు అసలు విషయమే చెప్పేసింది, చుట్టూ తిప్పలేదు.

"శనివారం నాకొక పార్సిల్ వస్తది. రెండు దిండ్లంత ఉంటది, బట్టలు. మా కబడ్డీ జట్టు జెర్సీలు ఖాలా, అదే రోజు సాయంత్రం రావిర్యాలల మ్యాచ్. పొద్దున నేను డ్యూటీల ఉంట. మీరు ఆ రోజు ఇంట్ల ఉండేదుంటే, మీ పనికి అడ్డం కాకపోతే, తీసిపెడతరా అని అడుగుతున్న. పైసలు ముందే కట్టేసిన, మీరేం ఇచ్చేది లేదు. డ్యూటీ దిగంగనే వచ్చి తీస్కపోత. కుదరకపోతే కాదనండి ఖాలా, వేరే దారి చూసుకుంట."

అజ్మత్ బీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"శనివారం మా చెల్లె ఇంటికి మంఖాల్ పోవాలె బేటీ. కాదు."

"సరే ఖాలా. చెల్లెను అడిగిననని చెప్పండి," అని రేఖ నవ్వి మెట్లెక్కింది.

ఎంత ఆశపడినా, ఆ మాట అన్నది తనే. కాదనండి అని చెప్పి, కాదన్నాక మొహం మాడ్చుకుంటే ఆ అడగడంలో నిజం ఏముంటుంది? ఫోన్‌లో కవితకి చెప్తే అవతల నుంచి కేక.

"మంఖాలా? రావిర్యాల మీదికెళ్ళే కదా పోయేది! పోతుపోతు గ్రౌండ్ కాడ ఇచ్చిపొమ్మను!"

"పట్టుకునుడే కుదరదన్నది. ఇగ మోసుకురమ్మని అడగాల్నా?" అంది రేఖ. ఆ రాత్రంతా ఇంకెవరు దొరుకుతారా అని ఆలోచించింది.

శుక్రవారం పొద్దున నీళ్ళ డ్రమ్ము నింపుతుంటే కిందనుంచి పిలుపు.

"ఏ బేటీ! మధ్యాహ్నం జొహర్ నమాజ్ దాకా ఉంట. అప్పటిదాకా వస్తే తీస్కుంట. నమాజ్ చేసుకోని తాళం వేసి పోత. ఒక్క నిమిషం ఆగ."

రేఖ బకెట్ వదిలేసి మెట్లు దూకింది. "ఖాలా! నిజంగనా? మీ ప్రయాణం..."

"ప్రయాణం మధ్యాహ్నమే. నిన్న నువ్వడుగుతుంటే అలవాటుగ కాదన్న," అంది అజ్మత్ బీ. "అందరూ 'వీలైతేనే' అంటరు. కాదంటే అక్కడే నిలబడతరు. నువ్వు పోయినవ్."

శనివారం పొద్దున్నే ఓటీపీ వచ్చింది. రేఖ అది పట్టుకుని కిందికి వెళ్ళింది. "డబ్బా మీ చేతికొచ్చినంకనే ఈ నంబర్ చెప్పండి ఖాలా, ముందుగాల చెప్పొద్దు. చిరిగి ఉంటే తీస్కోకండి, వాపసు పంపండి. మీ మీదికేం రాదు, నేను చూసుకుంట. డెలివరీ అతనికి కూడా మీ పేరు చెప్పి పెట్టిన." అజ్మత్ బీ ఆ అంకెలు తన ఫోన్‌లో కొట్టుకుని, రేఖ వీపు తట్టి పంపింది.

షిఫ్టులో ఆ రోజు ఎవరి కాళ్ళూ నేల మీద లేవు. సీట్ల మధ్య నడవలోనే కవిత కబడ్డీ కూత పెట్టబోతే సూపర్‌వైజర్ కసిరింది. టీ విరామంలో రేఖ లాకర్ దగ్గరికి పరుగెత్తింది. రాలేదు. అన్నం వేళకి మళ్ళీ చూసింది. పార్సిల్ ఇంకా బండి మీదే తిరుగుతోంది. జొహర్ వేళ అయిపోవస్తోంది.

"ఒక్క అర్ధగంట ఆగమను," కవిత ఆమె చేయి పట్టుకుంది. "ఇన్నిరోజుల కష్టమే! అర్ధగంటకు ఏమైతది?"

రేఖకి అడగాలనే ఉంది. నోటిదాకా వచ్చింది. ఒక్క నిమిషం ఆగనని నవ్వకుండా చెప్పిన అజ్మత్ బీ ముఖం గుర్తొచ్చింది. ఫోన్ చేసింది.

"ఖాలా, రాలేదు కదా?"

"రాలే బేటీ."

"పర్వాలేదు. మీరన్న దాకా మీరున్నరు. ఇగ బయల్దేరండి, మీ చెల్లె ఎదురుచూస్తది. డెలివరీ అతనితోని నేను మాట్లాడుకుంట. మస్తు మేలు చేసిన్రు."

"సరే," అని అజ్మత్ బీ ఫోన్ పెట్టేసింది. కవిత తల కొట్టుకుంది.

రావిర్యాల గ్రౌండ్‌లో మైకు హోరెత్తిపోతోంది. గీతలకి సున్నం కొత్తగా కొట్టారు. కందుకూరు అమ్మాయిలు నీలం జెర్సీల్లో చక్కగా వరుసకట్టి ఒళ్ళు సాగదీస్తున్నారు. రేఖ జట్టులో ఒకరిది పసుపు టీషర్టు, ఒకరిది నలుపు, ఒకరిది భర్త చొక్కా. రిఫరీ వాళ్ళని చూసి తల అడ్డంగా ఊపాడు.

"నంబర్లు లేకుంటే దించనమ్మా. టాస్ దాకా టైమిస్త."

రేఖ ఆపకుండా డెలివరీ అతనికి ఫోన్లు చేస్తోంది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ, మళ్ళీ. కవిత టేపుతో వీపుల మీద నంబర్లు అతికిద్దామని ఎవరినో టేపు అడుగుతోంది. రంగులే వేరు వేరుగా ఉంటే టేపు ఏం చేస్తుంది? మైకులో రెండు జట్ల పేర్లూ పిలిచారు. కెప్టెన్లు టాస్‌కి రావాలి.

అప్పుడే గ్రౌండ్ గేటులోంచి ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ జనం మధ్యకి దూరింది. వెనక సీట్లో నల్ల బుర్ఖా, ఒళ్ళో పెద్ద డబ్బా.

"రేఖా! ఏ రేఖా!"

రేఖ తను ఎలా పరుగెత్తిందో తనకే తెలియదు. డబ్బానీ అజ్మత్ బీనీ కలిపి కావలించుకుంది.

"ఏం ఫోన్ తల్లీ నీది! ఎప్పుడు చేసినా బిజీ!" అజ్మత్ బీ ఆయాసంతో నవ్వుతోంది. "తాళం వేసినంక ఆటో దొరికేసరికే మస్తు ఆలస్యమాయె. గల్లీ చివర్ల ఎదురుగ ఆ డెలివరీ పిలగాడే వస్తుండు. ఆటో ఆపిచ్చి దిగిన. ముందు నంబర్ చెప్పు అంటడు. ముందు డబ్బా చేతిల పెట్టు, అటెన్క చెప్తనన్న! అన్ని మూలలు చూసుకున్న, ఎక్కడా చిరగలే."

"నేను మిమ్మల్ని ఇక్కడిదాకా..." రేఖ డబ్బా అందుకుంది.

"నువ్వడగలే. అందుకే తెచ్చిన. దారేనని నీకు తెల్వదా? తెలిసి కూడ నోరు తెరవలే. ఇగ ఉరుకు, ఆ సారు పిలుస్తుండు!"

డబ్బా చించి జెర్సీలు గాల్లోకి విసిరారు. పాత చొక్కాల మీదే తొడుక్కుంటూ ఎవరి నంబర్ వాళ్ళు వెతుక్కుంటూ కోర్టులోకి పరుగెత్తారు. కవిత తనది తలకిందులుగా వేసుకుని మళ్ళీ విప్పింది. రిఫరీ నవ్వు ఆపుకుని నాణెం ఎగరేశాడు.

మొదటి సగం కందుకూరుదే. వాళ్ళ పొడుగు రెయిడర్ గీత దాటి వస్తే చాలు, ఒకరిని ముట్టి వెళ్ళిపోతోంది. రెండో సగంలో కవిత వరుసగా పాయింట్లు తెచ్చి తేడా తగ్గించింది. ఆఖరి కూతకి కందుకూరు ఒక్క పాయింటు ముందుంది. రేఖ వైపు లోపల మిగిలింది ముగ్గురే. ముగ్గురే ఉండి రెయిడర్‌ని పట్టుకుంటే రెండు పాయింట్లు. ఆ పొడుగమ్మాయే వచ్చింది, కబడ్డీ కబడ్డీ అంటూ. ఊరికే టైం గడపడానికి వచ్చింది. వెనక్కి తిరగబోయిన క్షణంలో రేఖ నేల మీద పడి చీలమండ పట్టేసింది. కవిత నడుం మీద పడింది. ముగ్గురూ కలిసి దుమ్ములో కూలారు. ఆ అమ్మాయి చేయి మధ్య గీతకి జానెడు దూరంలో ఆగిపోయింది.

విజిల్. రిఫరీ రెండు వేళ్ళు ఎత్తాడు.

గ్రౌండ్ మొత్తం లేచి అరిచింది. గీత బయట అజ్మత్ బీ చెప్పులు వదిలేసి ఎగురుతోంది, "పట్టుకున్నరు! మా పోరీలు పట్టుకున్నరు!" అంటూ. ఆమె చేతిలో ఫోన్ మోగుతోంది, మంఖాల్ నుంచి చెల్లెలు. ఎత్తి, "వస్తున్న, జర ఆగు! ఇక్కడ మ్యాచ్ గెలిచినం!" అని గట్టిగా చెప్పింది.

రేఖ దుమ్ము దులుపుకోకుండానే ఆటో దాకా నడిచి ఆమెని ఎక్కించింది. థాంక్స్ అనబోతే అజ్మత్ బీ చేయి అడ్డం పెట్టింది.

"మళ్ళ పార్సిల్ వస్తే అడుగు బేటీ. అడుగు, అంతే. ఔనంటనని మాత్రం అనుకోకు."

"అనుకోను ఖాలా!" రేఖ గట్టిగా నవ్వేసింది.

ఆటో కదిలింది. వెనక మైకు గరగరలాడి రెండో మ్యాచ్‌కి ఎర్ర జెర్సీ జట్టుని రమ్మని పిలిచింది. రేఖ వెనక్కి తిరిగి పరుగు అందుకుంది.