చల్లబడని గిన్నె

ఉదయం ఆరున్నరకు వదిన ఫ్రిజ్‌లోంచి రాత్రి మిగిలిన అన్నం తీసింది. గిన్నె చల్లగా లేదు. మరిదికి ఆ రోజు బస్సు డ్రైవరుగా మొదటి డ్యూటీ. ఆ అన్నం తినే వెళ్లాలి.

"రాత్రే ఫ్రిజ్‌లో పెట్టమన్నాను కదయ్యా?"

"నిద్రొచ్చేసింది వదినా. ఇందాక లేవగానే పెట్టాను. పొగలొచ్చేదాకా వేడి చేస్తే సరిపోదూ?"

"రాత్రంతా బయటున్న అన్నంలో విషం పుడితే వేడికి పోదు. దారిలో నువ్వు కడుపు పట్టుకుంటే బస్సు ఎవరు నడుపుతారు, ప్రయాణికులా?"

"ఖాళీ కడుపుతోనూ నడవదు వదినా."

ఆమె అన్నం పారేసింది. రాత్రి వండిన గంటలోపే తాను ఫ్రిజ్‌లో పెట్టిన కూర తీసి, కలుపుతూ కుతకుతా ఉడికేదాకా వేడి చేసింది. ఆమె అప్పటికప్పుడు కాల్చిన రొట్టెతో మరిది దాన్ని తిన్నాడు.

ఎనిమిదింటికి బస్సు డిపో దాటింది.