పచ్చ సిరా

సర్టిఫికెట్ల పని ఏజెంటుకివ్వాలా వద్దా అన్న గొడవ ఆ ఇంట్లో అప్పటికి మూడో రోజు. వరహాలక్ష్మి ఇచ్చెయ్యమంటుంది. ఆవిడ భర్త గోపాలకృష్ణమూర్తి మాస్టారు వద్దంటారు. కూతురు ఫణిశ్రీకి మస్కట్‌లో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లు అటెస్ట్ చేయించి నెలాఖరులోగా పంపమన్నారు.

"ఏళ్ల తరబడి అందరికీ అటెస్ట్ చేసినవాణ్ణి. నా కూతురికి ఏజెంటేంటి?" అన్నారు మాస్టారు. ఆయన గెజిటెడ్ హెడ్మాస్టరుగా రిటైరై నాలుగేళ్లయింది.

"అది వేరు, ఇది వేరని పిల్ల చెబుతోంది కదండీ, కాస్త వినండి" అని వరహాలక్ష్మి కూరగాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన వినలేదు. మధ్యాహ్నం ఫణిశ్రీ బ్యాంకుకి వెళ్లినప్పుడు బీరువాలోంచి పాత రబ్బరు స్టాంపు తీశారు. రెండు సర్టిఫికెట్ల వెనకా ముద్ర వేసి, కింద పచ్చ సిరాతో సంతకం చేశారు. పిల్లకి ఒక మెట్టు పని తగ్గించాననుకున్నారు. రిటైరైనవాడు ఇవాళ్టి తేదీ వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అక్కడ ఖాళీ వదిలేసి, కాగితాలు ఫైల్లో ఎప్పటిలాగే సర్దేశారు.

ఒక్కసారి కనుక్కుందామని ఫణిశ్రీ పట్టుబడితే, మర్నాడు తండ్రీ కూతుళ్లు దానవాయిపేటలో ఏజెంటు ఐజాక్ ఆఫీసుకి వెళ్లారు. విదేశాంగ శాఖ అనుమతి ఉన్న సంస్థకి ఇక్కడి కాగితాలు చేర్చడం అతని పని. ఐజాక్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. లేచి కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, పని జరిగే తీరంతా చెప్పాడు. ముందు యూనివర్సిటీ వాళ్లు సర్టిఫికెట్ తమదేనని రాసివ్వాలి. తరవాత రాష్ట్ర ప్రభుత్వం ముద్ర. చివర్న ఢిల్లీలో విదేశాంగ శాఖ వాళ్లు ఒరిజినల్ వెనకాల ఒక స్టిక్కరు అంటిస్తారు. అదే అపోస్టిల్. ఒమన్‌కి అది చాలు, ఎంబసీకి వెళ్లక్కర్లేదు.

అని చెబుతూ సర్టిఫికెట్ వెనక్కి తిప్పాడు.

అక్కడ ముద్ర, పచ్చ సంతకం. రెండోది కూడా తిప్పి చూశాడు. ఫణిశ్రీ వంగి చూసి తండ్రి వైపు చూడబోయి, చూడకుండా బల్ల మీది క్యాలెండరు వైపు తల తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం మాస్టారికి చెంపదెబ్బకన్నా ఎక్కువైంది.

"మాస్టారండీ, ఇది జిరాక్సుల మీద వేసేదండీ" అన్నాడు ఐజాక్ మెల్లగా. ఒరిజినల్ మీద అధికారులవి కాని రాతలూ ముద్రలూ ఉంటే తీసుకోరట. పాడైన ఒరిజినల్ అప్పగించి, ఎలా పాడైందో నోటరీ చేసిన అఫిడవిట్ జతచేసి, యూనివర్సిటీలో డూప్లికేటు తెచ్చుకోవాలి. అది ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేడట. అప్పుడు గొంతు ఇంకా తగ్గించాడు. "తేదీ లేదు కదండీ. సర్వీసులో ఉన్నప్పుడే పొరపాటున వేశారని రాయించేద్దాం. రిటైరయ్యాక వేశారంటే కేసవుద్దండి."

ఒకప్పుడు ఈ ఐజాకే ఒరిజినల్స్ ఊళ్లో మర్చిపోయి జిరాక్సులు మాత్రం పట్టుకొస్తే, చూడకుండా సంతకం పెట్టనని ఎండలో వెనక్కి పంపారు తను. నలభై కిలోమీటర్లు తిరిగి వెళ్లొచ్చాడు. అది అతనికి గుర్తుందో లేదో. ఉన్నా ముఖంలో కనపడనివ్వలేదు. వెక్కిరించినా బాగుండేదనిపించింది మాస్టారికి. మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఇంటి దగ్గర ఆటో దిగాక ఫణిశ్రీ, "ఆ స్కూలు వాళ్లని గడువు అడుగుతాను నాన్నగారూ" అని మాత్రం అంది.

సంగతి తెలిసి కొడుకు ఉదయ్‌భాస్కర్ ఆఫీసు నుంచి తిన్నగా వచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర, ఐజాక్ చెప్పినట్టే రాసేద్దామన్నాడు. వరహాలక్ష్మి కూడా అదే మంచిదంది. పెన్షన్ మీదికి వస్తే ఏం చేస్తారని అడిగింది. అఫిడవిట్ మీద సంతకం చేయాల్సింది ఫణిశ్రీ. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆయన పరువు కోసం ఆ పిల్ల ప్రమాణం చేసి అబద్ధం రాయాలి. ఎన్నో వేల కాగితాల మీద ‘అసలుతో సరిచూడబడినది’ అని రాసిన చెయ్యి తనది.

మాస్టారు చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ పీట మీద కూర్చున్నారు. ఎవరి వైపూ చూడలేదు.

"అబద్ధం ఎవరూ రాయొద్దు. రిటైరైన నాలుగేళ్లకి, దానికి చెప్పకుండా నేనే వేశానని నా పేరు మీద ఉత్తరం రాసిస్తాను. దాని అఫిడవిట్లో కూడా అదే ఉంటుంది. రేపు యూనివర్సిటీకి దానితో నేనూ వెళ్తున్నాను" అన్నారు.