లేని సీను

స్టోరీ డిపార్ట్‌మెంటులో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. ఆమెకంటే పెద్దవాడైన మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు. ఆమె పని స్క్రిప్టులు చదవడం. నిర్మాతకు అన్నీ చదివే తీరికుండదు కాబట్టి ఆయన బదులు చదివి, కథను రెండు పేజీల్లో కుదించి, బాగోగులు రాసి, రేటింగు పెట్టి ఇవ్వాలి. రేటింగు రెండు వరుసల్లో ఉంటుంది. ఒకటి స్క్రిప్టుకి, రెండోది రచయితకి. ఒక్కో వరుసలో మూడు గళ్ళు: వద్దు, చూడొచ్చు, వదలొద్దు. స్క్రిప్టు వరుసలో ‘వద్దు’ పడిందంటే ఆ కథ ఇక ఆ ఆఫీసు గడప తొక్కదు. రచయిత మాత్రం, రెండో వరుస బాగుంటే, మళ్ళీ రావచ్చు.

ఆమె పక్క కుర్చీలో కూర్చునే రీడర్ని కత్తెర అనేవారు. ఎవరి స్క్రిప్టు చేతికొచ్చినా ముక్కలు ముక్కలు చేసేవాడు. “నలభై పేజీలపాటు హీరోయిన్ సెలవు మీద వెళ్ళింది” అని ఒకసారి రాశాడు. ఆ మాట గోడమీద అంటించి అందరూ నెల్లాళ్ళు నవ్వుకున్నారు. ఆ స్క్రిప్టు రాసిన మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడని ఎవరికీ తట్టలేదు.

అలాంటి కత్తెర ఒకరోజు తనే రాసిన స్క్రిప్టు తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాడు. మేనేజరు దాన్ని అక్క ముందుకు తోశాడు.

“అయినవాళ్ళది కదాని వెనక్కి తగ్గకు. ఎవరిదైనా ఒకటే కొలత” అన్నాడు.

“అక్కా, ఇన్నేళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్న కథ” అన్నాడు కత్తెర. ఎప్పుడూ లేనిది అతని గొంతు సన్నబడింది. “ఇది ఒప్పుకోకపోతే నాకింకో కథ లేదు. నీ చేతుల్లో పెట్టాను.”

“చేతుల్లో పెట్టావు సరే. నా నెత్తిన పెట్టకు” అందామె.

కథ ఒక అంబులెన్సు నడిపే ఆవిడది. ఒక కాంట్రాక్టరు కట్టించిన భవనం కూలి ఆమె తమ్ముడు చనిపోతాడు. చివరికి ఆ కాంట్రాక్టరే రక్తం కారుతూ ఆమె బండిలోకి ఎక్కుతాడు. మొదటి ముప్ఫై పేజీలు చదువుతుంటే అక్కకి టీ చల్లారిపోయిన సంగతే తెలియలేదు. బండిలో జనం మాట్లాడే తీరు, నొప్పిలో పుట్టే వెటకారం, ఒక ముసలాయన తన చెప్పుల గురించి పెట్టే గొడవ, అన్నీ పక్కన కూర్చుని వింటున్నట్టే ఉన్నాయి. ఆ తర్వాత కథ కాంట్రాక్టరు కొడుకు వెనకాల పడి పోయింది. డ్రైవరు సరిగ్గా నలభై పేజీలు కనబడలేదు. చివర్లో తిరిగొచ్చి, తమ్ముణ్ణి చంపినవాణ్ణి బతికించి, క్షమించేసింది. ఎందుకో ఎక్కడా లేదు.

అక్కకి ఒళ్ళు మండింది. ఊళ్ళోవాళ్ళ మీద ఇదే తప్పుకి కత్తి దూసిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడా!

ఆమెకొక అలవాటుంది. రిపోర్టు రాసే ముందు స్క్రిప్టు మూసేసి, వంటింట్లో అత్తగారికి ఆ కథ చెబుతుంది. చెబుతున్నప్పుడు ఏది నిలబడుతుందో, ఏది జారిపోతుందో తెలిసిపోతుంది. ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ డ్రైవరు కథ మొదలుపెట్టింది. అత్తగారు పొయ్యి తగ్గించి మరీ విన్నారు.

“క్షమించిందా! ఎందుకు క్షమించిందే?” అన్నారు చివర్లో. “నేనైతే నడిరోడ్డు మీద దింపేసేదాన్ని.”

అక్క చాకు ఆపింది. “అదీ... ఎప్పుడో ఒకసారి ఆమె బండి దారి తప్పిందత్తయ్యా. ఆలస్యమై బండిలో ఒక కుర్రాడు పోయాడు. వాళ్ళమ్మ తిట్టలేదు, కొట్టలేదు. చెమటలు పడుతున్నాయి, తాగమ్మా అని మంచినీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు ఈమె గొంతులోంచి ఇప్పటికీ దిగలేదు.”

అత్తగారు గరిటె అందుకున్నారు. “ఐతే సరే” అని పొయ్యి పెంచారు.

మర్నాడు పొద్దున్నే అక్క కథాసారం టైపు చేసింది. ఎప్పటిలాగే వంటింట్లో చెప్పినట్టే రాసుకుంటూ పోయింది. విమర్శలో మాత్రం మొహమాటపడలేదు. నలభై పేజీల ఖాళీ గురించి రాసింది, కొడుకు పాత్ర ఎక్కువైందని రాసింది, ముగింపు తేలిపోయిందని రాసింది. స్క్రిప్టుకి ‘వద్దు’. రచయితకి ‘చూడొచ్చు’. సారంలో తను కల్పించిన మంచినీళ్ళ సీను కూర్చుని ఉందని ఆమెకి స్పృహే లేదు. ఈ పనిలో అంతకు మించిన తప్పు లేదు. రీడరు కథని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చిల్లులుంటే చిల్లులతోనే చెప్పాలి, కూర్చుని కుట్టకూడదు.

రెండురోజుల తర్వాత నిర్మాత అక్కని, కత్తెరని, మేనేజరుని తన గదికి పిలిచాడు. ఆయన బల్ల మీద ఆమె రాసిన రిపోర్టుంది. సారం పేజీలు నలిగి ఉన్నాయి, విమర్శ పేజీలు తిప్పినట్టే లేవు.

“ఏమ్మా, కథ ఇంత బావుంటే వద్దని రాశావేంటి?” అన్నాడు. తర్వాత కత్తెర వైపు తిరిగాడు. “ఆ మంచినీళ్ళ సీను చదివి నాకే కళ్ళు చెమర్చాయయ్యా. ఎలా తట్టింది నీకు?”

అక్క తన రిపోర్టు వైపు చూసింది. ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. నోరు తెరవబోయింది.

రీడర్లు రాసిన రిపోర్టు రచయితలకి చూపించరు. కాబట్టి కత్తెర ఆ సీను పేరు వినడం అదే మొదటిసారి. ఒక్క క్షణం అక్క వైపు చూశాడు. ఆ సీను ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి అర్థమైపోయింది. తర్వాత తల దించుకుని, గొంతు బరువు చేసుకున్నాడు.

“అది మా అమ్మ సార్. నా చిన్నప్పుడు కళ్ళారా చూశాను.”

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అక్కకి అప్పుడు తెలిసింది. వంటింట్లో తను కల్పించిన తల్లిని, అత్తగారిని నోరెత్తనివ్వని తల్లిని, వీడు నిమిషంలో సొంత తల్లిని చేసేసుకున్నాడు! తన తప్పుకి తను సిగ్గుతో చచ్చిపోతుంటే, దాని మీదే మేడ కట్టేస్తున్నాడు.

“ఏ పేజీలో ఉంది?” అంది.

కత్తెర చూపు తిప్పుకున్నాడు.

“నిన్నే. ఆ సీను ఏ పేజీలో ఉంది?”

“అది... కొత్త డ్రాఫ్టులో...”

“కొత్త డ్రాఫ్టు లేదు, పాత డ్రాఫ్టులో సీనూ లేదు” అంది అక్క. నిర్మాత వైపు తిరిగింది. “సార్, ఆ సీను నేను కల్పించింది. మా అత్తగారికి చెబుతూ కల్పించి, పొరపాటున సారంలో రాసేశాను. తప్పు నాది. కానీ స్క్రిప్టులో ఆవిడ ఎందుకు క్షమించిందో లేదు. అందుకే వద్దన్నాను.”

మేనేజరు మొహం మాడిపోయింది. నిర్మాత రిపోర్టుని వేలితో ఆమె వైపు జరిపాడు.

“మరి నేను చదివింది ఎవరి కథమ్మా? ఉన్నది ఉన్నట్టు రాసి సాయంత్రానికి తీసుకురా. ఇప్పుడే ఇంకో నలుగురికి ఫోను చేసి ఈ కథ చెబుదామనుకున్నాను, చెప్పుంటే నా పరువేం కావాలి?”

బయట మెట్ల దగ్గర కత్తెర ఆమెకి అడ్డం వచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

“ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదక్కా? ఆ సీను రాసి ఇచ్చేవాణ్ణి కదా! సినిమా చేతిదాకా వచ్చింది. నువ్వే లాగేశావు. పక్కవాడు పైకొస్తుంటే ఓర్వలేకపోయావు.”

“ఓర్వలేకపోయానా?” ఆమె కేక మెట్ల కిందివరకు వినబడింది. “అక్కా, ఆ సీను నాకివ్వు అని అడిగితే చేతిలో పెట్టేదాన్ని రా! నాతో ఒక్క మాట అనకుండా, నా కళ్ళముందే, మీ అమ్మని అడ్డం పెట్టి అబద్ధం ఆడతావా? గోడమీద అంటించావే, నలభై పేజీల సెలవని. ఆయనెవడో కూడా ఇలాగే కడుపులో పెట్టుకుని తెచ్చుంటాడు. నీ కథలోనూ అదే నలభై పేజీలున్నాయి. లెక్క చూసుకో పో!”

అతను పక్కకి తప్పుకున్నాడు. ఆమె సీటుకొచ్చి కూర్చుంది. పాత సారం తెరిచి మంచినీళ్ళ సీను కొట్టేసింది.

సారం మళ్ళీ రాసింది. ‘డ్రైవరు అతణ్ణి బతికించి క్షమిస్తుంది. కారణం స్క్రిప్టులో లేదు’ అని ముగించింది. స్క్రిప్టు వరుసలో ‘వద్దు’. రచయిత వరుస దగ్గరికొచ్చేసరికి మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు.

“అందులోనూ వద్దనే కొట్టు. అబద్ధాలకోరుతో మనకెందుకు? నీ తప్పు మీద కూడా కాస్త నీళ్ళు చల్లినట్టుంటుంది. రేపటి నుంచి నీ సారాలు ఇంకొకళ్ళు సరిచూడాలన్నారు సారు. అదైనా తప్పుతుందేమో.”

అక్క ‘వద్దు’ కొట్టింది. కొట్టినప్పుడు నిజంగా హాయిగా ఉంది. కడుపు చల్లబడినట్టే అనిపించింది.

కానీ ఏ గడి నింపినా దానికి సాక్ష్యంగా పేజీ నంబరు రాయాలి. అది ఆ ఆఫీసు పద్ధతి. ఆమె స్క్రిప్టు మళ్ళీ తెరిచింది. చేతకాని రాతకి సాక్ష్యం వెతకడం మొదలుపెట్టింది. నలభై పేజీల ఖాళీ దొరికింది, కానీ అది స్క్రిప్టు లోపం, దాన్ని పై వరుసలో రాసేసింది. మాటల్లో వెతికింది. చెప్పుల ముసలాయన దగ్గర ఆగిపోయింది. “బతికితే చెప్పులు కావాలి, చస్తే నీకే వదిలేస్తా, ముందు వాటిని బండెక్కించు” అంటున్నాడాయన. ఇంత కోపంలోనూ ఆమె పెదవి కదిలింది. దాంతో కోపం ఇంకా పెరిగింది. దొంగ వెధవ, ఇంత బాగా రాయగలిగి ఆ గదిలో అంత నీచానికి దిగాడెందుకు! కాగితం చించి అతని మొహాన కొట్టాలనిపించింది. ‘వద్దు’ అనడానికి ఒక్క పేజీ దొరకలేదు. ‘చూడొచ్చు’ అనడానికి ముప్ఫై దొరికాయి.

గడి మార్చింది. మాటలు రాయడానికి పిలవవచ్చని ఒక వాక్యం రాసి, పేజీ నంబర్లు వేసి, సంతకం పెట్టింది.

మేనేజరు చదివి తెల్లబోయాడు. “ఇంత జరిగాక కూడానా?”

“నేను మనిషికి రేటింగు పెట్టడంలేదండీ. రాతకి పెడుతున్నాను” అందామె.

కథ మళ్ళీ ఆ ఆఫీసు గడప తొక్కలేదు. ఆమె సారాలన్నీ ఇంకొకరి బల్ల మీదుగా పోవడం మొదలైంది. పదిహేనేళ్ళ పేరు ఒక పూటలో పోయిందని ఇంట్లో కూర్చుని ఏడ్చింది కూడా. కొన్నాళ్ళకి వేరే సినిమాకి మాటలు రాయడానికి నిర్మాత కత్తెరని పిలిచాడు. ఆమె రిపోర్టులోని రెండో వరుస గురించి మేనేజరు ద్వారా అతనికి తెలిసింది.

అతను కుర్చీ ఖాళీ చేస్తూ ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. “అక్కా, నన్ను క్షమించావని నాకు తెలుసు” అన్నాడు.

ఆమె చదువుతున్న స్క్రిప్టు మూసి, అతని కళ్ళలోకి చూసింది.

“లేదు. నీ మీద కోపం ఇంకా అలాగే ఉంది. దాన్ని రాయడానికి రిపోర్టులో చోటు లేదు, అందుకని మొహం మీదే చెబుతున్నాను. ఇక వెళ్ళు.”