పద్నాలుగు మంది పట్టుకున్న వస్తువు

మూడు వారాలుగా చిన్న సిస్టర్ ఐదు వాక్యాలను కోడిపెట్ట గుడ్లను పొదిగినట్టు పొదుగుతోంది. నర్సుల సదస్సులో ఆమెకు పది నిమిషాలిచ్చారు. ఆమె దృష్టంతా మొదటి అరనిమిషం మీదే. ఆస్పత్రి సూపరింటెండెంటు ఎప్పుడూ రెండో వరుసలో, దారి పక్క కుర్చీలో కూర్చుంటాడు. మాట్లాడేవాళ్లు నమస్కారాలూ కృతజ్ఞతలూ ముగించేలోగా ఫోను తీస్తాడు. తీశాక మళ్లీ తల ఎత్తడు. ఆయన వింటే తప్ప వార్డులో అరిగిపోయిన చక్రాల సెలైన్ స్టాండ్లు మారవు. ఏడాదిలో ఇరవై మూడు మంది రోగులు పడిపోతే, పద్నాలుగు మంది ఆ స్టాండునే చేతికర్రలా నమ్ముకుని పడ్డారు. రెండుసార్లు అర్జీ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

ఇంట్లో బట్టలు కుట్టే చెల్లెలే ఆమెకు పరీక్షాధికారి. అక్క చదువుతుంటే ఫోనులో గడియారం పెట్టుకుని, సరిగ్గా ముప్పై సెకన్లకు ఆపేసి, ఏం గుర్తుందో చెప్పడం ఆమె పని. మొదటిసారి అక్క తన పేరుతో, సదస్సు వారికి కృతజ్ఞతలతో మొదలుపెట్టింది.

"ఏం గుర్తుంది?"

"మీ ఆస్పత్రి పేరు చాలా పొడుగని."

"అంతేనా?"

"అంతకంటే నువ్వేం చెప్పావే అక్కా?"

కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలింది ఇది: "మా వార్డులో ఏడాదిలో ఇరవై మూడు మంది పడిపోయారు. నేల తడిగా లేదు. వెలుతురు తక్కువగా లేదు. అయినా పద్నాలుగు మంది పడే క్షణంలో ఒకే వస్తువును పట్టుకుని ఉన్నారు. అదేమిటో ఊహించండి." ఆ తర్వాత మనసులో మూడు లెక్కపెట్టి, అప్పుడు తెరమీద స్టాండు బొమ్మ. ఈసారి చెల్లెలు గడియారం ఆపడమే మరిచిపోయి, "ఏంటది, చెప్పి చావు!" అంది. చిన్న సిస్టర్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకుంది.

ఎందుకు దాచుకుందంటే, పెద్ద సిస్టర్ వల్ల. వార్డు ఇన్‌చార్జి. పోయినేడు ఆస్పత్రి సమావేశంలో చిన్న సిస్టర్ గీసిన పట్టికను "మా వార్డు పరిశీలన" అని చూపించి చప్పట్లు కొట్టించుకుంది. గీసిన చేతి పేరు ఎత్తలేదు. ఈసారి నర్సుల సదస్సులో, ఒకే గదిలో, చిన్న సిస్టర్ కంటే ముందు ఆవిడ మాట్లాడబోతోంది. ఒకసారి కాలినవాళ్లు పొయ్యి ఆరిందన్నా నమ్మరు.

సదస్సుకు వారం ముందు డ్యూటీ గదిలో అందరూ ఒకరి ఎదుట ఒకరు చదివి చూసుకున్నారు. చిన్న సిస్టర్ కావాలనే చప్పటి మొదలొకటి చదివింది: రోగుల భద్రత చాలా ముఖ్యమైన అంశమనీ, ఇంకా అలాంటివీ.

పెద్ద సిస్టర్ గడియారం చూసుకుంటూ, "ఇది నీదేనా?" అంది.

"నాదే అక్కా."

"ఉప్పు లేని చారులా ఉంది. పరిచయం కాగితంలో ఏం రాశావ్?"

"ఏ కాగితం అక్కా?"

"మనల్ని పరిచయం చెయ్యడానికి రెండు వాక్యాలు రాసిమ్మన్నారుగా, మూడు నెలల కింద. అదే."

"ఏదో రాశాలెండి" అని మాట తప్పించింది. ముందుగా తెలుసుకుని మింగేద్దామని కాబోలు, అనుకుంది. మర్నాడు చార్టుల దగ్గర ఆవిడ మళ్లీ అదే అడిగింది. ఈమె మళ్లీ అదే చెప్పింది.

సదస్సు రోజు గదిలో నూటయాభై కుర్చీలు. అందరి బొమ్మలూ ఒకే కంప్యూటర్లో ముందే ఎక్కించాలి. చిన్న సిస్టర్ తన వంతు అయ్యేదాకా కంప్యూటర్ నడిపే కుర్రాళ్ల వెనకే నిలబడి, ఎవరూ తన ఫైలు తెరవకుండా చూసుకుంది. తల తిప్పేసరికి వేదిక పక్కన పెద్ద సిస్టర్ సభాధ్యక్షుడి చెవిలో ఏదో చెబుతోంది. ఆయన చేతిలో పరిచయాల కాగితాలు. ఆవిడ వేలు ఒక కాగితం మీద ఉంది. ఆయన తల ఊపుతూ పెన్ను తీశాడు.

చిన్న సిస్టర్ ఆ పెన్నునే చూసింది. తన పేరు దగ్గరే గీత పెట్టిస్తోందన్నమాట! పెద్ద సిస్టర్ పక్కకు వెళ్లగానే పరుగులాంటి నడకతో ఆయన దగ్గరికి వెళ్లింది.

"సార్, నా పరిచయం నేను రాసిచ్చినట్టే చదవాలి. ఎవరేం చెప్పినా ఒక్క ముక్క మార్చొద్దు."

"అలాగేనమ్మా. కానీ ఆ సిస్టర్ ఏమన్నారంటే..."

"వద్దు సార్. దయచేసి రాసింది రాసినట్టే."

ఆయన భుజాలు ఎగరేసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

పెద్ద సిస్టర్ తన పది నిమిషాలూ పుండ్ల డ్రెస్సింగ్ గురించే మాట్లాడింది. స్టాండు ఊసే లేదు. చిన్న సిస్టర్ ఒక్కో మాటనూ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతూ విన్నది. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

సభాధ్యక్షుడు లేచాడు. కళ్లజోడు సర్దుకుని, రాసింది రాసినట్టే చదివాడు.

"ఇప్పుడు మాట్లాడబోయే సిస్టర్ తొమ్మిదేళ్లుగా వార్డులో పనిచేస్తున్నారు. వార్డులో పడిపోయిన రోగుల్లో సగానికి పైగా సెలైన్ స్టాండును పట్టుకోవడం వల్లే పడ్డారని ఆమె కనుగొన్నారు."

మూడు నెలల కింద, ఈ ఐదు వాక్యాలూ ఇంకా పుట్టకముందు, తనే రాసింది. తన చేతిరాతే. ఎవరూ దొంగిలించలేదు. ఇంటి తాళం తనే తీసి వీధిలో పెట్టింది.

మైకు దాకా ఏడడుగులు. ఊహించండి అంటే ఇప్పుడు ఎవరూహిస్తారు? జవాబు చెప్పాక పొడుపుకథ వేసినట్టుంటుంది. రెండో వరుసలో సూపరింటెండెంటు చెయ్యి జేబులోకి వెళ్తోంది. కాగితం విప్పబోయి ఆగింది. కళ్ల ముందు స్టాండు లేదు, పట్టికా లేదు. ఒక ముసలాయన చెయ్యి ఉంది. సన్నగా, నరాలు తేలి, పట్టుకోవడానికి ఏదైనా ఇమ్మన్నట్టు చాచి.

"ఆ స్టాండును మొదటిసారి ఒక రోగి చేతికిచ్చింది నేనే" అంది.

కాగితం విప్పలేదు, మాటా ఆపలేదు.

"బాత్రూముకు పన్నెండడుగులు. తోడుగా వెళ్లడానికి నాకు తీరిక లేదు. దీన్ని పట్టుకుని నడవండి తాతా, అన్నాను. ఆయన నా మాట నమ్మాడు. ఆరో అడుగులో చక్రం జారింది. తుంటి విరిగింది. తర్వాతి పదమూడు మందికీ మాలో ఎవరో ఒకరం అదే మాట చెప్పాం. మీ వార్డుల్లో ఇవాళ పొద్దున కూడా ఎవరో చెప్పే ఉంటారు."

ఆగింది. మూడు లెక్కపెట్టాల్సిన చోటే, లెక్కపెట్టకుండా. ముందు వరుసలో ఒకామె తన చేతుల వైపు చూసుకుంది. సూపరింటెండెంటు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. చేతిలో ఫోను లేదు.

పది నిమిషాలయ్యాక ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: అలాంటి స్టాండ్లు వార్డులో ఎన్ని ఉన్నాయని. పద్దెనిమిది అని చెప్పింది. రేపు తన గదికి రమ్మన్నాడు.

కాఫీ బల్ల దగ్గర పెద్ద సిస్టర్ పక్కన చేరింది.

"నువ్వు చెప్పబోయేది ముందే బయటపెట్టేస్తుంది, ఆ రెండో వాక్యం చదవొద్దని ఆయనకు చెప్పొచ్చాను. కొట్టేస్తానన్నాడు. మరి ఎందుకు చదివాడో."

చిన్న సిస్టర్ కప్పులోకి చూసింది. "నేనే చదవమన్నాను అక్కా."

"నువ్వా? ఎందుకే?"

పెద్ద సిస్టర్ కప్పులో చక్కెర వేసుకుంది. కలుపుతుండగా అర్థమై, చెంచా ఆపింది.

"పట్టిక సంగతా?"

"అవునక్కా."

"అప్పుడు నీ పేరు చెప్పాల్సింది. మరిచిపోయాననను, చెప్పలేదు." చెంచా సాసరులో పెట్టింది. "కానీ డ్యూటీ గదిలో చదివింది నీది కాదని నాకు అప్పుడే తెలుసు. అంత చప్పగా నువ్వు చార్టు కూడా రాయవు."

చిన్న సిస్టర్‌కు నవ్వొచ్చింది, కానీ పూర్తిగా రానివ్వలేదు.

"రేపు సూపరింటెండెంటు దగ్గరికి నేనూ రానా?" అంది పెద్ద సిస్టర్.

చిన్న సిస్టర్ ఆవిడ ముఖంలోకి ఒక క్షణం ఎక్కువగానే చూసింది.

"రండి" అంది. "మాట మాత్రం నేనే మొదలుపెడతాను."