కొట్టేసిన ఆదివారాలు

ఇరవై మూడేళ్లుగా తకవోకా ఊళ్లో సగం పెళ్లిళ్లు సుమియో నోటి మీదుగానే జరిగాయి. పెళ్లివిందుల్లో మైకు పట్టే ఆడవాళ్లు ఇంకో నలుగురున్నారు. కానీ సుమియో గొంతు వినిపిస్తే చాలు, తాగి తూలుతున్న మేనమామలు కూడా సర్దుకుని కూర్చునేవారు. విందు చివర పెళ్లికూతురు నిలబడి, కన్నవాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ తను రాసుకొచ్చిన ఉత్తరం చదువుతుంది. ఆ ఘట్టం నడిపించడంలో ఆమెది అందె వేసిన చెయ్యి.

ఇవాళ మాత్రం ఆమె మైకు దగ్గర లేదు. ఐదు వంశముద్రలున్న నల్ల కిమోనో కట్టుకుని, తలుపు పక్కన అందరికంటే వెనకున్న బల్ల దగ్గర కూర్చుంది. పెళ్లికూతురు, పెళ్లికొడుకుల తల్లిదండ్రులకు ఎప్పుడూ ఆ చివరి చోటే. అప్పటికే మొగుడు తెత్సురోతో కలిసి బల్లబల్లకూ తిరిగి బీరు పోసి, వంగి వంగి దణ్ణాలు పెట్టి వచ్చింది. నడుముకు బిగించిన పట్టీ ఊపిరాడనివ్వడం లేదు. అయినా కూతురు చిహారు ఉత్తరం గురించి ఆమెకు బెంగేమీ లేదు. ఆ ఉత్తరంలో దాదాపు ప్రతి మాటా ఆమెకు కంఠతా వచ్చు.

అలా కంఠతా వచ్చి ఉండకూడదు. అసలు తప్పు అక్కడే ఉంది.

పెళ్లికూతుళ్ల ఉత్తరాలు మైకు పట్టే మనిషి దగ్గరికి ముందే వస్తాయి. రాసే పిల్లలకు పద్ధతులేం తెలుస్తాయి? 'తెగిపోవడం', 'విడిపోవడం', 'ముగియడం' లాంటి అశుభపు మాటలు రాసేస్తారు. వాక్యం చివర చుక్క పెడతారు. చుక్క అంటే ముగింపు, పెళ్లి ఉత్తరంలో అది ఉండకూడదు. మూడు నిమిషాలు దాటితే పెద్దవాళ్లు గడియారం చూస్తారు. ఇక ప్రతి పిల్లా అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా గురించి రాస్తుంది, అది లేని ఉత్తరం సుమియో ఇంతవరకు చూడలేదు. ఎర్ర పెన్నుతో ఇవన్నీ సరిచేసి పంపడం ఆమెకు చేతనైన పని. ఫిర్యాదు వాసన తగిలితే మాత్రం ఆ పేరా మొత్తం కొట్టేసేది. నెలకు పన్నెండు ఉత్తరాలు చూసే మనిషికి చివరిదాకా చదివే తీరికెక్కడిది?

చిహారు తన ఉత్తరాన్ని సెప్టెంబరులో నోమురాకు ఇచ్చింది. నోమురా సుమియో దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఈ పెళ్లికి మైకు పట్టేది ఆవిడే.

"ఏదీ, ఇటు తే" అంది సుమియో.

"వద్దక్కా. కన్నవాళ్లు ముందుగా చూడకూడదని నాకు నేర్పింది నువ్వే కదా!"

"నేర్పాను, కాదన్నానా? ఇరవై మూడేళ్లు ఊళ్లో వాళ్ల ఉత్తరాలు దిద్ది, నా కూతురు ఏదో వాగితే నా పరువేం కాను? తేవే తల్లీ."

నోమురా ఉత్తరం తీసి ఇచ్చింది. ఉత్తరం బాగానే ఉంది. రెండో పేజీలో మాత్రం ఒక పేరా ఇలా మొదలైంది: 'అమ్మా, నాకు ఆదివారాలంటే అసహ్యంగా ఉండేది. నువ్వు వేరే వాళ్ల పెళ్లిళ్లకు వెళ్లిపోయేదానివి, నేను ఒక్కదాన్నే...' సుమియో ముఖం వేడెక్కింది. ఎనభై మంది ముందు ఇదా? ఎర్ర పెన్ను ఆ మూల నుంచి ఈ మూలకు లాగేసింది. పక్కన రాసింది: 'ఇక్కడ అమ్మ వంట గురించి రెండు మాటలు. తర్వాత మూడు ఊపిరులు ఆగు.'

కాగితం తిరిగి చిహారుకు చేరింది. ఆ చేతిరాత ఎవరిదో పిల్లకు తెలియకుండా ఉంటుందా? కానీ ఇంట్లో ఒక్క మాటా అనలేదు. సుమియో ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు హాల్లో మైకులోంచి నోమురా గొంతు వినిపించింది. దీపాలు తగ్గాయి. హాలు మనిషొకడు వచ్చి రెండు వైపుల తల్లిదండ్రుల్నీ తలుపు దగ్గర వరసగా నిలబెట్టాడు. ఎదురుగా, హాలుకు ఆ చివర చిహారు. పక్కన పెళ్లికొడుకు షింగో ఆమె నోటికి మైకు అందిస్తున్నాడు. వెలుగంతా ఆ పిల్ల మీదే.

ముందు షింగో అమ్మానాన్నల్నీ, అతిథుల్నీ అనుమతి అడిగింది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. కాగితం గుండెల ఎత్తులో పట్టుకుంది. గొంతు ఒకసారి వణికింది, తల పైకెత్తింది, మళ్లీ నిలదొక్కుకుంది. నెమ్మదిగా, అక్షరం మింగకుండా చదివింది. జ్వరం వచ్చిన రాత్రి తెల్లవార్లూ వీపు నిమిరిన అమ్మ గురించి చదివింది. బస్సు నడిపే నాన్న అద్దంలోంచి తనను చూసి నవ్వేవాడని చదివింది. పక్కన తెత్సురో ముక్కు ఎగబీల్చాడు. బల్లల దగ్గర చేతిరుమాళ్లు బయటికొచ్చాయి.

"అమ్మ వండిన గుమ్మడికాయ కూర రుచి నేనెన్నటికీ మరిచిపోను" అని చదివింది చిహారు. ఆగింది. ఒకటి, రెండు, మూడు ఊపిరులు.

సుమియో చప్పున కూతురి ముఖంలోకి చూసింది. గుమ్మడికాయ కూర! చిహారు ఏనాడూ గుమ్మడికాయ ముట్టలేదు. రెండు మాటలు రాయమంటే పిల్ల ఏదో ఒకటి రాసింది. జనం ఏడుస్తున్నారు. తను నేర్పిన చోటే, తను నేర్పిన విధంగానే ఏడుస్తున్నారు. ఈ హాల్లో వెయ్యి మంది తల్లులు ఇక్కడే నిలబడి కూతుళ్ల మాటలు విన్నారు. తను మాత్రం తన మాటలే తను వింటోంది. ఈ బుద్ధి నెల కిందట ఏమైంది?

ఉత్తరం చదవడం అయ్యింది. చిహారు దాన్ని మడిచి, పూలగుత్తితో పాటు తల్లి చేతిలో పెట్టింది. కొత్త కాగితం, ముత్యాల్లాంటి అక్షరాలు. ఎర్ర గీత ఆనవాలు ఎక్కడా లేదు. షింగో తండ్రి అందరికీ ధన్యవాదాలు చెప్పాక, ఆరుగురూ ముందుగా బయటికి వచ్చి వసారాలో బంగారు రంగు తెర ముందు నిలబడ్డారు. అతిథులు రావడానికి ఒక్క నిమిషం ఉంది. చిహారు చేతికి మిఠాయి పొట్లాల బుట్ట ఇచ్చారు.

"చాలా బాగా చదివావే" అంది సుమియో.

"నువ్వు దిద్దావు కదమ్మా."

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండుననిపించింది సుమియోకు. గొంతు తగ్గించింది. "ఆ ఆదివారాల పేరాలో... కింద ఏం రాశావు?"

చిహారు ఆశ్చర్యంగా చూసింది. "అదేంటి? చదివే కదా కొట్టేశావు?"

"మొదటి రెండు లైన్లే చూశాను."

చిహారు చేతిలోని బుట్ట సర్దుకుంది.

"నీకు నచ్చలేదనుకున్నాను. అలా రావడం తప్పని, ఇన్నేళ్ల తర్వాత తెలిసినా కోపం వచ్చిందేమో అనుకున్నాను."

"ఎక్కడికి రావడం?"

"ఇక్కడికే. ఆదివారాలు నాన్న బస్సెక్కి వచ్చేదాన్ని. వంటగది వెనక మెట్ల మీద కూర్చుంటే స్పీకర్లోంచి నీ గొంతు వినిపించేది. ఎవరి పెళ్లయితే నాకేం, నువ్వు మాట్లాడుతున్నావు. అయిపోయేదాకా విని మళ్లీ నాన్న బస్సులోనే ఇంటికెళ్లేదాన్ని. అమ్మకు చెప్పొద్దు, తిడుతుందని నాన్నతో ఒట్టు వేయించుకున్నాను. ఆ గొంతు ఉంది కాబట్టి నేనెప్పుడూ ఒంటరిని కాదని, అందుకు థాంక్స్ అని రాశాను. అంతే."

సుమియో భర్త వైపు తిరిగింది. తెత్సురో తల దించుకుని బూట్లు చూసుకుంటున్నాడు.

"ఇప్పుడు చెప్పవే" అంది సుమియో. "నువ్వు రాసినట్టే, మొత్తం చెప్పు."

"గుర్తులేదమ్మా. ఆ రాత్రే చించేశాను."

తలుపులు తెరుచుకున్నాయి. అందరికంటే ముందు షింగో మేనత్త వచ్చింది. కళ్లొత్తుకుంటూ సుమియో రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత అదృష్టవంతురాలివమ్మా! నేనెన్ని ఉత్తరాలు వినలేదు! కన్నతల్లి మీద ఒక్క మాట నిష్ఠూరం లేకుండా ఎంత చక్కగా రాసింది నీ కూతురు!"

సుమియో నోరు తెరిచింది. ఇరవై మూడేళ్లు ఎన్నడూ మొరాయించని గొంతు ఇప్పుడు పలకలేదు. నడుము వంచి దణ్ణం పెట్టింది. ఆవిడ ముందుకు వెళ్లిపోయింది, వెనకాల ఇంకొకరు వచ్చారు, వాళ్లూ వెళ్లారు. సుమియో మాత్రం తల ఎత్తలేకపోయింది.